కిలో లెక్కన కట్టే విమానం, విలువ లెక్కన కట్టే బీమా: చీరల ఎగుమతిలో నా అనుభవం

మా వరస బాబాయి ఒకరు భూదాన్ పోచంపల్లిలో పట్టు ఇక్కత్ చీరల వ్యాపారం చేస్తారు. ముప్పై ఏళ్లుగా హైదరాబాద్, బెంగళూరు దుకాణాలకు సరుకు వేస్తున్న మనిషి. లండన్‌లో చీరల దుకాణం నడుపుతున్న ఒక తెలుగావిడ మంచి ఆర్డరు ఇవ్వడంతో, తొలిసారి విమానంలో పెద్ద సరుకు పంపడానికి సిద్ధమయ్యారు. నేను ఒకప్పుడు బ్యాంకులో ఎగుమతి పత్రాల విభాగంలో పనిచేశాను. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా ఆయన ఫోను నాకే వస్తుంది. 2025 జూలై 30న రెండు ఫొటోలు పంపి, "ఇవి చదివి, నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా. సరుకు పోతే నాకెంత వస్తుందో అది చెప్పు చాలు" అన్నారు. ఒకటి, సరుకును విమానంలో వేయించే ఫార్వర్డర్ పంపిన ఎయిర్‌వే బిల్లు అనే రవాణా పత్రం చిత్తు ప్రతి, రెండోది బీమా కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్. ఆ ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబు తేలేసరికి నవంబరు వచ్చింది. ఇలాంటి కాగితాలు చేతికొచ్చిన వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సరుకు వివరం ముందే చెప్పాలి, తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. అయిదు పెట్టెలు, పెట్టెకు ముప్పై చీరలు. ఒక్కో పెట్టె తూకం 24 కిలోలు, మొత్తం 120. ఇన్‌వాయిస్ విలువ రూపాయల్లో చెప్పుకుంటే 14 లక్షలు. అయితే పెట్టెలన్నీ ఒక్క విలువవి కావు. నాలుగింటిలో ఉన్నవి మామూలు రకం, పెట్టెకు 2,30,000 రూపాయలు. మూడో నంబరు పెట్టెలో మాత్రం పెళ్లి చీరలు, ఒక్కోటి 16,000. ఆ ఒక్క పెట్టె విలువే 4,80,000.

మొదట ఎయిర్‌వే బిల్లు తీశాను. బాబాయికి అందులో కంగారు పుట్టించినవి రెండు చిన్న గళ్లు. విమాన సంస్థకు ప్రకటించిన విలువ రాయాల్సిన గడిలో ఎన్‌వీడీ అని మూడక్షరాలు ఉన్నాయి. బీమా మొత్తం రాయాల్సిన గడిలో ఎక్స్ అక్షరం మూడుసార్లు కొట్టి ఉంది. బీమాకు డబ్బు కట్టాక కూడా బీమా లేదని రాశారేమిటని ఆయన భయం. అప్పటికే ఫార్వర్డర్‌కు ఫోను చేసి గట్టిగా మాట్లాడారట కూడా.

నిజానికి ఆ రెండు గళ్లలోనూ తప్పేమీ లేదు. బీమా గడి ఉన్నది విమాన సంస్థ ద్వారానే బీమా తీసుకునేవాళ్ల కోసం. మనం బయట కంపెనీలో తీసుకున్నాం కాబట్టి అది ఖాళీ అని చూపడానికి ఎక్స్‌లు కొడతారు. ఎన్‌వీడీ అంటే విమాన సంస్థకు మనం ప్రత్యేకంగా ఏ విలువా ప్రకటించలేదని. దాని పక్కనే కస్టమ్స్ కోసం ప్రకటించిన విలువ వేరే గడిలో ఉంటుంది, అక్కడ ఇన్‌వాయిస్ మొత్తం సరిగ్గానే పడింది. రెండు గళ్లూ పక్కపక్కనే ఉండటంతో చాలామంది కస్టమ్స్‌కు చెప్పిన విలువే విమాన సంస్థకూ వర్తిస్తుందని అనుకుంటారు. వర్తించదు. కస్టమ్స్ గడిలో కోటి రూపాయలున్నా, మొదటి గడిలో ఎన్‌వీడీ ఉంటే విమాన సంస్థ బాధ్యత తూకం లెక్కనే.

ఆ తూకం లెక్క బిల్లు వెనక వైపు, కంటికి ఆనని సన్న అక్షరాల్లో ఉంటుంది. అంతర్జాతీయ విమాన రవాణాకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. 1999లో కుదిరిన ఈ ఒప్పందంలో 2009లో భారత్ చేరింది. సరుకు పోయినా, పాడైనా, ఆలస్యమైనా కిలోకు ఇన్ని ఎస్‌డీఆర్‌లు అని అది పరిమితి పెట్టింది. ఎస్‌డీఆర్ అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్కల ప్రమాణం, దాని విలువ రోజూ మారుతుంది. మేం లెక్క సులువుగా ఉండాలని 120 రూపాయలుగా వేసుకున్నాం. మొదట కిలోకు 17గా ఉన్న పరిమితి 2009 చివర్లో 19కి, 2019 చివర్లో 22కి, 2024 డిసెంబరు 28 నుంచి 26కి పెరిగింది. మాకు వచ్చిన ప్రతి మీద 22 అనే ఉంది. పాత ఫారాలు అయిపోయేదాకా వాడతారు కాబోలు. ఒప్పందం పెట్టిన దానికంటే తక్కువ పరిమితిని కాగితం మీద అచ్చు వేసినంత మాత్రాన అది చెల్లదు కాబట్టి దాని కోసం బిల్లు మళ్లీ కొట్టించలేదు.

26 ఎస్‌డీఆర్‌లు అంటే కిలోకు 3,120 రూపాయలు. ఈ మాట ఫోనులో చెబితే బాబాయి "ఫరవాలేదే, బాగానే ఉంది" అన్నారు. ఆయన మనసులో కిలో అంటే పట్టు నూలు కిలో. చీర కిలో ఎంతో ఆయన ఎప్పుడూ లెక్క వేసుకోలేదు, ఎవరు మాత్రం వేస్తారు? మర్నాడు పోచంపల్లి వెళ్లాను. దుకాణంలో నూలు తూచే కాటా ఉంది. కవరుతో, అట్టతో సహా ఒక పెళ్లి చీర దాని మీద పెట్టమన్నాను. పెట్టె బరువులో దాని వాటా కూడా కలుపుకుంటే 800 గ్రాములు. "పెట్టె మొత్తం పోతే విమానం వాళ్లిచ్చే దాంట్లో ఈ చీర వాటా గరిష్ఠంగా 2,496 రూపాయలు బాబాయ్" అన్నాను. ఆయన కాటా వైపు చూశారు, చీర మీది ధర చీటీ వైపు చూశారు. "పోగు రంగులకే అంతకు మించి అయింది కదమ్మా" అన్నారు.

ఆ తర్వాత ఆయనకు కోపం వచ్చింది, అదీ న్యాయమైన కోపమే. ఒక్కో పెట్టె కొలతలు 60, 50, 60 సెంటీమీటర్లు. ఆ మూడూ గుణించి 6,000తో భాగిస్తే 30 కిలోలు వస్తుంది. అసలు తూకం కంటే అది ఎక్కువ కాబట్టి రవాణా ఛార్జీ పెట్టెకు 30 కిలోల చొప్పున 150 కిలోలకు వేశారు. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్కకు వచ్చేది అసలు తూకమే. "డబ్బు తీసుకునేటప్పుడు 150, ఇచ్చేటప్పుడు 120నా?" అన్నారు. ఇంకో చేదు కూడా చెప్పక తప్పలేదు. ఆ 120 కూడా మొత్తం సరుకు పోతేనే. ఒక్క పెట్టె పోతే ఆ పెట్టె తూకమే లెక్క. అంటే 4,80,000 విలువైన మూడో పెట్టెకు 24 కిలోల చొప్పున 74,880 రూపాయలు. 2,30,000 విలువైన పెట్టెకూ అంతే. చీర ఖరీదుతో విమాన సంస్థకు సంబంధం లేదు.

విలువ ప్రకటిస్తే సరిపోతుంది కదా అని ఆయన అడిగారు. సరిపోతుంది, దానికి అదనపు ఛార్జీ కట్టాలి. మా ఫార్వర్డర్ దానికి సుముఖంగా లేడు. పైగా విలువ ప్రకటించినా అది విమాన సంస్థ బాధ్యత వరకే, ఊళ్లోంచి విమానాశ్రయానికి వెళ్లే వ్యాను ప్రయాణానికి అక్కరకు రాదు. ఇలాంటి తేలిక, ఖరీదు సరుకుకు ఎన్‌వీడీ ఉంచి బీమా మీద ఆధారపడటమే నాకు సబబుగా తోచింది. అలాంటప్పుడు బీమా కాగితంలో సందు ఉండకూడదు.

సందులు రెండు దొరికాయి.

బాబాయికి ఉన్నది ఏడాది పొడవునా వర్తించే ఓపెన్ పాలసీ. సరుకు పంపినప్పుడల్లా దాని కింద ఒక సర్టిఫికెట్ తీసుకుంటారు. సర్టిఫికెట్ మీద బీమా మొత్తం 15,40,000 అని ఉంది. ఇన్‌వాయిస్‌కు పది శాతం కలిపి బీమా చేయడం ఆనవాయితీ కాబట్టి ఆ అంకె సరైనదే. షరతుల దగ్గర విమాన సరుకుకు వాడే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులు, 2009 నాటివి, రాశారు. మినహాయించినవి తప్ప మిగతా నష్టాలన్నిటికీ అవి వర్తిస్తాయి. అదీ మంచిదే. కింద ఒక చిన్న వాక్యం మాత్రం ఈ సర్టిఫికెట్ మూల పాలసీ షరతులకు, పరిమితులకు లోబడి ఉంటుందని చెబుతోంది. మూల పాలసీ చూపించమన్నాను. బాబాయి దగ్గర లేదు, ఏజెంటు దగ్గర ఉందన్నారు. ఏజెంటు నుంచి తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. అందులో ఒక్క రవాణాకు గరిష్ఠ పరిమితి 10 లక్షలు అని ఉంది.

అంటే సర్టిఫికెట్ మీద 15,40,000 కనిపిస్తోంది, వెనక ఉన్న పాలసీ 10 లక్షల దగ్గర ఆగిపోతోంది. సర్టిఫికెట్లు కంప్యూటర్ ద్వారా అంకె కొడితే వచ్చేస్తాయి. పరిమితి దాటిందని అక్కడ ఎవరూ ఆపలేదు. ఈ సంగతి చెప్పేసరికి బాబాయి, "అయిదు పెట్టెలూ ఒక్కసారే పోవు కదా, 10 లక్షలు చాలవా?" అన్నారు. చాలవు. మొత్తం పోతే 10 లక్షలకు మించి రాదు, అది సరే. కొంత సరుకే పాడైనా, విలువకు తగ్గ బీమా లేదు కాబట్టి మిగతా భాగం మీరే భరించాలని ఆ కొంతలోనూ అదే నిష్పత్తిలో కోత పెట్టే వీలుంటుంది. వంద రూపాయల నష్టానికి అరవై అయిదు చేతికొస్తుంది.

రెండో సందు ప్రయాణ మార్గం రాసిన చోట ఉంది. హైదరాబాద్ విమానాశ్రయం నుంచి లండన్ హీత్రో విమానాశ్రయం వరకు అని రాశారు. క్లాజుల ప్రకారం గోదాములో సరుకు కదిలినప్పటి నుంచి అవతలి గోదాములో దించేదాకా బీమా ఉండొచ్చు. కాగితం మీద మార్గం విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి అని ఉంటే రేపు వాదన మొదలయ్యేది అక్కడే. పోచంపల్లి గోదాము నుంచి లండన్‌లో కొనుగోలుదారు గోదాము వరకు అని మార్పించమన్నాను.

సరుకు 6వ తేదీన విమానం ఎక్కాలి. ఏజెంటుకు ఇది చాదస్తంగా అనిపించింది. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదండీ" అన్నాడు. ఈ మాట నేను బ్యాంకులో వెయ్యిసార్లు విన్నాను, విన్నప్పుడల్లా నా పట్టుదల పెరుగుతుంది. సరుకు కదిలే ముందే పరిమితి పెంపు కాగితం మీదికి రావాలని, కదిలాక ఇచ్చేది నాకొద్దని ఈమెయిల్ రాయించాను. ఆగస్టు 5 సాయంత్రం పరిమితి 20 లక్షలకు పెంచుతూ పాలసీకి చేసిన సవరణ పత్రం, అంటే ఎండార్స్‌మెంటు, మార్గం సరిచేసిన సర్టిఫికెట్ వచ్చాయి. పెంపుకు అదనంగా ఏమీ పడలేదు. ఈ ఒక్క రవాణాకు ప్రీమియం జీఎస్టీతో కలిపి రెండు వేల రూపాయల లోపే. రవాణా ఛార్జీ ముందు అది లెక్కలోకే రాదు.

ఆ సాయంత్రమే బాబాయి అసలు ప్రశ్న అడిగారు. "దసరాకు నెల ముందే సరుకు చేరాలని ఆవిడ చెప్పింది. ఎక్కడో ఆగిపోయి పండగ దాటాక చేరితే?" బీమా నుంచి ఒక్క రూపాయి కూడా రాదని చెప్పాను. ఆలస్యం వల్ల కలిగే నష్టం ఆ క్లాజుల్లో మినహాయింపు. ఆ ఆలస్యానికి కారణం బీమా వర్తించే ప్రమాదమే అయినా సరే. విమాన సంస్థను అడగవచ్చు, అదీ కిలోకు 26 లోపే. అలాగే సరుకు స్వభావం వల్ల దానంతట అదే పాడైతే ఇవ్వరు. మామూలు ప్రయాణానికి కూడా తట్టుకోలేని ప్యాకింగ్ వేసినా ఇవ్వరు. ఈ మూడోది విన్నాక ఆయన లేచి వెళ్లి, పెట్టెల లోపల పాలిథిన్ పొర వేశారో లేదో కుర్రాళ్లతో మూతలు తీయించి మరీ చూశారు. ఎందుకైనా మంచిదని ప్రతి పెట్టెకూ మూత తెరిచి, మూసి ఫొటోలు తీయించాను. పెట్టె నంబరు కనబడేలా.

6న సరుకు బయలుదేరింది, 8న హీత్రోలో దిగింది. కస్టమ్స్ అయ్యి ఆవిడ చేతికి వచ్చింది 11వ తేదీ సోమవారం. ఆ మధ్యాహ్నం బాబాయి ఫోను. గొంతులోనే తెలిసిపోయింది. ఒక పెట్టె తడిసి, ఒక మూల చిరిగి ఉంది. ఏ పెట్టె అని అడిగాను. మూడో నంబరు.

ఆవిడ ఇంకా సంతకం చేయలేదు, అదే అదృష్టం. ఏమీ రాయకుండా సంతకం పెడితే సరుకు బాగానే అందిందని ఒప్పుకున్నట్టు లెక్క, తర్వాత కాదని నిరూపించుకోవాల్సిన భారం మన మీద పడుతుంది. మూడో పెట్టె తడిసింది, చిరిగింది, లోపల తనిఖీ చేయలేదు అని రసీదు మీదే రాసి సంతకం పెట్టమని ఆవిడకు నేనే ఫోనులో చెప్పాను. కార్గో షెడ్డు వాళ్ల నుంచి నష్ట నివేదిక కూడా అడిగి తీసుకుంది. ఇంటికి వెళ్లి పెట్టె తెరిస్తే ఇరవై చీరల్లోకి నీళ్లు దిగాయి. ఎర్ర అంచు రంగు తెల్లటి పోగుల మీదికి పాకింది. వీడియో కాల్‌లో ఆవిడ ఒక్కో మడతా విప్పి చూపిస్తుంటే బాబాయి ఏమీ అనలేదు. చూసి చూసి, "ఆ నాలుగోది నేసినవాడు మూడు నెలలు కూర్చున్నాడు" అన్నారు. అంతే.

పాడైన సరుకుకు విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి గడువు చేతికందిన రోజు నుంచి 14 రోజులు. ఆలస్యమైతే సరుకు తీసుకోవడానికి వీలు కల్పించిన రోజు నుంచి 21 రోజులు. 14 రోజులు దాటితే, మోసం జరిగిందని చూపగలిగితే తప్ప, దావా వేసే హక్కే పోతుంది. మర్నాడే ఫిర్యాదు పంపాం, ఇద్దరికి. ఎందుకంటే బాబాయి చేతిలో ఉన్నది ఫార్వర్డర్ తన పేరున ఇచ్చిన హౌస్ బిల్లు. ఆ ఫార్వర్డర్‌కు విమాన సంస్థ ఇచ్చిన మాస్టర్ బిల్లు వేరే ఉంటుంది, దాని మీద నంబరు వేరు. ఒప్పందం ప్రకారం ఇద్దరిలో ఎవరికి ఇచ్చినా చెల్లుతుంది కానీ, నీకు కాదు నాకు కాదు అని ఒకరి మీద ఒకరు నెట్టుకునే అవకాశం ఇవ్వడమెందుకు? రెండు నంబర్లూ రాసి ఇద్దరికీ పంపాను. ఈ ఫిర్యాదు బీమా కంపెనీకీ అవసరమే. విమాన సంస్థ మీద హక్కును మనం కాపాడి ఉంచాలి, లేకపోతే దాన్ని సాకుగా చూపి క్లెయిమ్ ఆపగలరు.

సర్టిఫికెట్ మీద లండన్‌లోని సర్వే ఏజెంటు చిరునామా ఉంటుంది. ఆవిడ అక్కడికి సమాచారం ఇచ్చింది. సర్వేయర్ 18న వచ్చాడు. అతని ఫీజు మూడు వందల పౌండ్లకు దగ్గరగా అయింది, ముందు ఆవిడే కట్టాలి, క్లెయిమ్ ఒప్పుకుంటే దాంతోపాటు తిరిగి వస్తుంది. ఇది మేం ఊహించని ఖర్చు. తడిసిన చీరలు ఆరబెట్టాలి, లేకపోతే బూజు పట్టి నష్టం పెరిగిందని అంటారు. అలాగని పెట్టె, కవర్లు పారేయకూడదు. ఆవిడ చీరలు ఆరేసి, తడి అట్టపెట్టెను గ్యారేజీలో అలాగే ఉంచింది.

ఈలోగా ఇంకో తలనొప్పి. ఆవిడ నలభై శాతం ముందే పంపింది, మిగతాది సరుకు అందిన నెలలో ఇవ్వాలి. ఇరవై చీరల డబ్బు, 3,20,000, పట్టుకుని మిగతాది పంపుతానంది. బాబాయి సరేనన్నారు, తన సరుకే పాడైందన్న సిగ్గుతో. నేను అడ్డుపడ్డాను. ఇన్‌వాయిస్ సీఐపీ షరతు మీద ఉంది. ఆ షరతులో రవాణా, బీమా ఖర్చు అమ్మేవాడిదే అయినా, సరుకును మొదటి రవాణాదారుకు అప్పగించిన క్షణం నుంచి నష్టభారం కొనేవారిది. బాబాయి బీమా తీసుకున్నది ఆవిడ కోసం. సర్టిఫికెట్ వెనక సంతకం పెట్టి, ముద్ర వేసి ఒరిజినల్ ఆవిడకు పంపారంటే క్లెయిమ్ హక్కు ఆవిడకు వెళ్లింది. "ప్రీమియం నేను కట్టి, డబ్బు లండన్‌కా?" అని ఆయన ఆశ్చర్యం. అవును, అందుకు బదులుగా ఆవిడ మీకు ఇన్‌వాయిస్ మొత్తం ఇవ్వాలి. ఈ మాట ఆవిడకూ చెప్పాను. మంచి మనిషి, వాదించలేదు, కానీ చేతిలో డబ్బు ఆడటం లేదంది. నాలుగు పెట్టెల బాకీ, మూడో పెట్టెలో బాగున్న పది చీరల బాకీ సెప్టెంబరులో, మిగతాది క్లెయిమ్ వచ్చాక అని ఇద్దరూ ఒప్పుకున్నారు. కాగితం మీద రాయించాను.

సర్వే నివేదిక సెప్టెంబరు 9న వచ్చింది. విమానం దగ్గర దించేటప్పుడు పడిన వానే కారణమని తేల్చింది. అయినా బీమా కంపెనీ రెండు ప్రశ్నలు వేసింది. రంగు దిగడం చీర స్వభావం కదా? ప్యాకింగ్ చాలలేదు కదా? మొదటిదానికి జవాబు సులువు. రంగు దానంతట అది పాకలేదు, బయటి నీళ్లు తగిలాకే పాకింది. అదే పెట్టెలో తడవని పది చీరలు, మిగతా నాలుగు పెట్టెల్లోని 120 చీరలు చెక్కుచెదరలేదు. రెండోదానికి ఆగస్టులో తీసిన ఫొటోలు పనికొచ్చాయి. లోపలి పాలిథిన్ పొర, ప్రతి చీరకూ వేరే కవరు, మీద పెట్టె నంబరు, అన్నీ కనిపిస్తున్నాయి. పెట్టె చిరిగి, చిరిగిన మూల నుంచి నీళ్లు దిగాయి. అది మామూలు ప్రయాణంలో జరిగేది కాదని రాశాం. తర్వాత అయిదు వారాలు ఏ సమాధానమూ లేదు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. బాబాయి వారానికోసారి ఫోను చేసి, క్లెయిమ్ మాట ఎత్తకుండా నా పిల్లల చదువు గురించి అడిగి పెట్టేసేవారు.

అక్టోబరు 24న లెక్క వచ్చింది. ఇరవై చీరలు, ఇన్‌వాయిస్ ధరకు 3,20,000. పది శాతం కలిపితే బీమా విలువ 3,52,000. మరక చీరలు అమ్మితే నలభై శాతం ధర పలుకుతుందని సర్వేయర్ అంచనా, ఆవిడా ఒప్పుకుంది. నష్టం అరవై శాతం, అంటే 2,11,200. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం, తీసేశారు. పాలసీలో అర శాతం అని ఉంది. బాబాయి రెండు లక్షల మీద అర శాతం, వెయ్యి రూపాయలు అనుకున్నారు. కాదు, ఆ అర శాతం మొత్తం రవాణా బీమా విలువ మీద. 15,40,000లో అర శాతం 7,700. చిన్న క్లెయిమ్‌లకు ఇదే గండం. ఒకటి రెండు మామూలు చీరలకు మరక పడితే దాదాపు ఏమీ రాదన్నమాట. మిగిలింది 2,03,500 రూపాయలు, దానికి సర్వే ఫీజు కలిపి పౌండ్లలో ఆవిడ ఖాతాకు నవంబరు 7న పడింది.

ఆవిడకు నిజంగా కలిగిన నష్టం మరక చీరల అమ్మకం పోను 1,92,000. ఆ పది శాతం అదనం లేకపోతే ఎక్సెస్ ఆవిడ మీదే పడేది. పాలసీ పరిమితి 10 లక్షలుగానే ఉండి, కోత పెట్టి ఉంటే ఎక్సెస్ తీయకముందే 1,37,000 దగ్గర తేలేది. బీమా అసలే లేకపోతే విమాన సంస్థ నుంచి ఎంత పోరాడినా 74,880. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద వరసగా రాసి బాబాయికి ఇచ్చాను. ఆవిడ మిగిలిన బాకీ ఆ వారంలోనే పంపింది.

డబ్బు ఇచ్చేటప్పుడు బీమా కంపెనీ ఆవిడ చేత ఒక పత్రం మీద సంతకం చేయించుకుంది. విమాన సంస్థ మీద ఉన్న హక్కు ఇక కంపెనీది. ఆ 74,880 కోసం వాళ్లు వాళ్లు చూసుకుంటారు, దావా వేయడానికి వాళ్లకు రెండేళ్ల గడువుంది. మొన్న సంక్రాంతి సరుకు కోసం బాబాయి కొత్త చిత్తు ప్రతి పంపారు. ఈసారి ఫొటోలు మూడు. మూడోది మూల పాలసీలో పరిమితి ఉన్న పేజీ. పెళ్లి చీరలను ఒక్క పెట్టెలో కాకుండా అయిదింటిలో సర్దించారట.